పది సెకన్ల థీమ్‌ను చివరి నుంచి కట్టడం: ఛానల్ పేరులోని గురులఘువులతో సోనిక్ లోగో

కొత్తగా వీడియో ఛానల్ గానీ పాడ్‌కాస్ట్ గానీ మొదలుపెట్టేవారు థీమ్ సంగీతాన్ని సాధారణంగా పాటలాగానే ఆరంభం నుంచి అల్లుకుంటూ వస్తారు. తొమ్మిదో సెకను దగ్గరికి చేరాక, ఛానల్ పేరు తెర మీద కనిపించే చోట ఏదో ఒక గంట మోగించి ముగిస్తారు. అలా చేస్తే వినేవారికి గుర్తుండవలసిన ముక్కకే అన్నిటికంటే తక్కువ ఆలోచన దక్కుతుంది. అందుచేత చివరి రెండున్నర సెకన్ల సోనిక్ లోగోను ముందు కట్టి, దాని నుంచి వెనక్కి నడుస్తూ మిగిలిన ఏడున్నర సెకన్లను తీయాలని నేను చెబుతాను. సోనిక్ లోగో అంటే సంస్థ పేరు పలకకుండానే దాన్ని గుర్తుచేసే రెండు మూడు సెకన్ల ధ్వని. అమెరికాలోని ఎన్.బి.సి. రేడియోకు మూడు స్వరాల గంట సరిపోయింది. 1994లో తయారైన ఇంటెల్ లోగోలో శ్రోతలు గుర్తుపెట్టుకున్నవి ఐదు స్వరాలు. ఐదు దాటితే అది పాట అవుతుంది గానీ గుర్తు కాదు.

ఒక్క ఉదాహరణనే మొదటి నుంచి చివరి వరకూ తీసుకుందాం. అమలాపురం పరిసరాల్లోని ఇద్దరు మిత్రులు డెల్టా కాలువలు, లాకులు, వాటి కింద సాగయ్యే వరి, కొబ్బరి గురించి వారానికొక వీడియో చేయదలచుకున్నారనీ, ఛానల్‌కు "కాలువ గట్టు" అని పేరు పెట్టుకున్నారనీ అనుకోండి. వారి చేతిలో ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, మాండొలిన్ వాయించగల స్నేహితుడు ఒకరు ఉన్నారు. పనికి అంతకు మించి అవసరం లేదు.

పేరును గణవిభజన చేయండి

లోగోకు లయ ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్నకు తెలుగువారికి జవాబు చేతిలోనే ఉన్నది. బడిలో పద్యపాదానికి గురులఘువులు గుర్తించినట్టే ఛానల్ పేరుకూ గుర్తించండి. "కాలువ గట్టు"లో "కా" దీర్ఘం కనుక గురువు, "లు", "వ" లఘువులు, "గ" తరువాత "ట్టు" అనే ద్విత్వం ఉన్నది కనుక అది గురువు, చివరి "ట్టు" లఘువు. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి చొప్పున వేస్తే 2-1-1-2-1, మొత్తం ఏడు మాత్రలు వస్తాయి. చివరి అక్షరాన్ని ఎలాగూ మోగుతూ వదిలేస్తాము కనుక దానికి మరొక మాత్ర కలిపితే 2-1-1-2-2 అవుతుంది; ఎనిమిది మాత్రలతో, నాలుగేసి మాత్రల చతురస్ర నడకలో చక్కగా ఇముడుతుంది. ఈ లయను ఎవరైనా బల్ల మీద వేళ్లతో కొట్టినా, ఒకసారి పేరు తెలిసినవారికి ఆ పేరే వినిపిస్తుంది. మాట లేకుండా పేరును పలికించడానికి ఇంతకంటే దగ్గర దారి నాకు తెలియదు.

ఇతర పేర్లతోనూ ఇదే పద్ధతి. "మన ఊరి వంట" అంటే 1-1-2-1-2-1. ఏమీ కలపకుండానే ఎనిమిది మాత్రలు. "గోదారి ముచ్చట్లు" వంటి పేరు వస్తే ఆరు అక్షరాలు, పది మాత్రలు అవుతాయి కనుక లోగోకు అది బరువు. అటువంటప్పుడు "గోదారి" అనే మొదటి మాటను మాత్రమే తీసుకొని 2-2-1 అనే ఐదు మాత్రల ఖండ నడకను వాడుకోవడం మేలు. పేరులో ఏ మాట ముందు గుర్తుకు రావాలో నిర్ణయించుకున్న తరువాతనే ఈ కోత పెట్టాలి.

కాలాన్ని లెక్క కట్టండి

మీరు వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో టెంపోను నిమిషానికి 96 బీట్లుగా పెట్టండి. ఒక బీటు 0.625 సెకన్లు, నాలుగు బీట్ల బార్ సరిగ్గా 2.5 సెకన్లు, నాలుగు బార్లు పది సెకన్లు అవుతాయి. ఇంకా నెమ్మది నడక కావాలంటే 72 వద్ద మూడు బార్లు, వేగం కావాలంటే 120 వద్ద ఐదు బార్లు కూడా పది సెకన్లే. కాలువ గురించిన ఛానల్‌కు 120 పరుగులా ఉంటుందనీ, 72 వద్ద ఐదు స్వరాల లోగో సాగిపోతుందనీ నా అభిప్రాయం. 96లో మరొక సౌకర్యమున్నది: నాలుగో బార్ ఆరంభం కచ్చితంగా 7.5 సెకన్ల దగ్గర పడుతుంది కనుక, రేపు లోగోను విడిగా కోసి వాడుకోవలసినప్పుడు వెతుక్కోనక్కరలేదు.

ఒక మాత్రను బీటులో నాలుగో వంతుగా తీసుకుంటే అది సుమారు 0.16 సెకన్లు. మన ఎనిమిది మాత్రల లోగో రెండు బీట్లలో, అంటే 1.25 సెకన్లలో ముగుస్తుంది. చివరి స్వరం 8.44 సెకన్ల దగ్గర మొదలవుతుంది కనుక అది మోగి చల్లారడానికి ఒకటిన్నర సెకను మిగులుతుంది.

స్వరాలు ఎంచడం

ఇక్కడ తొందరపడవద్దు. మొదటి ప్రశ్న రాగం కాదు, శ్రుతి. మీ ప్రేక్షకుల్లో ఎక్కువమంది ఫోన్ స్పీకరు మీద వింటారు. ఆ చిన్న స్పీకరు మూడు నాలుగు వందల హెర్ట్జ్‌ల కింద ఉన్న ధ్వనిని చాలా బలహీనంగా పలుకుతుంది. కాబట్టి లోగోలోని స్వరాలన్నీ 400 హెర్ట్జ్‌లకు పైన ఉండేలా చూసుకోండి. ఐదు శ్రుతిలో, అంటే హార్మోనియం మీద జి స్వరాన్ని షడ్జంగా పెట్టుకొని, 392 హెర్ట్జ్‌ల షడ్జానికి పైనున్న స్వరాలతో పని చేస్తే ఈ షరతు తీరుతుంది.

ఇక రాగం. ఆనందభైరవి, సహాన వంటివి మన చెవికి ఎంత దగ్గరైనా, వాటి రూపం గమకంలో, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరులో ఉంటుంది. గమకానికి కాలం కావాలి. 0.16 సెకన్ల స్వరంలో గమకం పెడితే అది అపశ్రుతిలా వినిపిస్తుంది తప్ప రాగంలా కాదు. అందుకే స్వరాలు నిలకడగా, విడివిడిగా నిలబడగల ఐదు స్వరాల ఔడవ రాగాలలో వెతకమంటాను. మోహనం సులువే గాని, ఫోన్ రింగ్‌టోన్లూ ప్రకటనలూ దానిని చాలా వాడేశాయి. మధ్యమావతిని మంగళం పాడే వేళ వినే అలవాటున్న చెవులకు, ఆరంభంలోనే ముగింపు వచ్చినట్టు తోచవచ్చు. స, రి, మ, ప, ద స్వరాల శుద్ధసావేరిని ఈ ఛానల్‌కు ఎంచుకుంటాను. మోహనంలో గాంధారం ఉన్న చోట దీనిలో మధ్యమం ఉంటుంది. ఆ ఒక్క మార్పుతో పొలం గట్టు మీది పాటల విశాలత్వం వస్తుంది.

ఇప్పుడు ఐదు అక్షరాలకు ఐదు స్వరాలు: "కా"కు ప, "లు"కు మ, "వ"కు రి, "గ"కు మళ్లీ ప, "ట్టు"కు తారస్థాయి స. దీనినే ఎందుకు తీసుకున్నానంటే, మొదటి మూడు స్వరాలు మెట్లు దిగినట్టు కిందికి వస్తాయి. ఆ తరువాత రి నుంచి ప కు ఒక గెంతు, ప నుంచి పై స కు మరొక గెంతు. రెండు గెంతుల దూరమూ ఒకటే. వినేవారికి ఆ పోలిక పేరు తెలియకపోయినా, రెండోసారి విన్నప్పుడే హమ్ చేయగలుగుతారు. స రి మ ప స అని వరుసగా ఎక్కించి ఉంటే అది ఆరోహణ అయ్యేది గానీ లోగో అయ్యేది కాదు. హెర్ట్జ్‌లలో ఇవి సుమారు 587, 523, 440, 587, 784. అన్నీ మన హద్దుకు పైనే ఉన్నాయి.

చివరి స్వరం ఎక్కడ ఆగాలన్నది కూడా నిర్ణయమే. కింది షడ్జం మీద ఆగితే వాక్యం పూర్తయి, కార్యక్రమం ముగిసినట్టు ఉంటుంది. పంచమం మీద ఆగితే ప్రశ్న అడిగినట్టు ఉంటుంది. పై షడ్జం మీద ఆగితే నిలకడా ఉంటుంది, తలుపు తెరిచినట్టూ ఉంటుంది. వెంటనే మాట్లాడబోయే మనిషికి అది అనువైన చోటు.

వాద్యం, ద్విత్వం

0.16 సెకన్ల స్వరం స్పష్టంగా వినపడాలంటే మీటిన తక్షణమే పలికే వాద్యం కావాలి. వేణువులో ఊపిరి స్వరంగా మారేలోగా "లు", "వ" రెండూ కలిసిపోతాయి. సన్నాయి ఫోన్‌లో అద్భుతంగా పలుకుతుంది కానీ, పందిట్లోకి తీసుకుపోతుంది. పెళ్లిళ్ల ఛానల్ అయితే తప్ప దానిని ముందు పెట్టను. మాండొలిన్ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. కర్ణాటక సంగీతంలో ఆ వాద్యానికి స్థానం సంపాదించిన శ్రీనివాస్ పుట్టినది ఈ డెల్టాలోని పాలకొల్లులోనే కనుక, ఈ నేల మీద అది పరాయి ధ్వని కూడా కాదు.

వాయించేవారికి ఒక్క విషయం వివరంగా చెప్పండి. "గట్టు" అన్నప్పుడు "ట్ట" దగ్గర నాలుక అంగిలికి తగిలి, క్షణకాలం నిశ్శబ్దం ఏర్పడి, తరువాతనే "టు" పలుకుతుంది. మాండొలిన్ మీద కూడా అదే జరగాలి. నాలుగో స్వరమైన ప ను మీటి, దాని రెండు మాత్రల్లో మొదటి మాత్ర వరకే మోగనిచ్చి, తీగను వేలితో ఆపేసి, రెండో మాత్ర ఖాళీగా వదిలి, అప్పుడు పై స ను మీటమనాలి. ఈ చిన్న కోత లేకపోతే "కాలువ గాటూ" అని పలికినట్టు ఉంటుంది. ఉన్నప్పుడు, పేరు తెలిసినవారు తప్పకుండా పేరునే వింటారు. కంప్యూటర్‌లో స్వరాలు పెట్టుకునేవారు ఆ నాలుగో స్వరం పొడవును సగానికి తగ్గిస్తే చాలు.

మాండొలిన్ ధ్వని త్వరగా తగ్గిపోతుంది కాబట్టి చివరి స కింద వేణువుతో అదే స్వరాన్ని తక్కువ గొంతుతో కలపండి. గమకానికి చోటు ఇక్కడే ఉన్నది: వేణువు ద నుంచి స కు చిన్న జారుతో చేరవచ్చు.

మిగిలిన మూడు బార్లను లోగో నుంచి తీయండి

సంగీతం నేర్చుకునేవారు ఒకే స్వరవరుసను ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం అని సాధన చేస్తారు. థీమ్ నిర్మాణానికి అదే సరిపోతుంది. లోగోను మూడో కాలం అనుకోండి. మొదటి బార్‌లో "కాలువ" అనే భాగాన్ని మాత్రమే ఒకటో కాలంలో, అంటే నాలుగు రెట్లు సాగదీసి వాయించాలి: ప రెండు బీట్లు, మ ఒకటి, రి ఒకటి. రెండో బార్‌లో పేరు మొత్తాన్ని రెండో కాలంలో వాయించాలి: ప ఒక బీటు, మ అర, రి అర, ప ఒకటి, చివరిది ఒకటి. అయితే ఆ చివరి చోట పై స ఇవ్వకుండా ద దగ్గర ఆపేయండి. చెవి స కోసం ఎదురుచూడడం అక్కడ మొదలవుతుంది.

మూడో బార్‌లో స్వరాలు వద్దు. డప్పు మీద పేరు లయను ఒకసారి పూర్తిగా, అంటే 2-1-1-2-2గా రెండు బీట్లలో కొట్టించండి. మూడో బీటులో "కాలువ" వరకు మాత్రమే కొట్టి ఆపేయండి. నాలుగో బీటు పూర్తి నిశ్శబ్దం. 6.88 నుంచి 7.5 సెకన్ల వరకు ఉండే ఈ ఖాళీని నింపాలని చేయి ఉబలాటపడుతుంది, నింపకండి. ఆ ఖాళీ ఉన్నందువల్లనే తరువాత వచ్చే లోగో ముందుకు వచ్చి నిలబడుతుంది. డప్పు దగ్గర ఒక జాగ్రత్త: కాలువల ప్రాంతపు తేమకు చర్మం సడలి గొంతు మందగిస్తుంది కనుక, రికార్డింగుకు ముందు మంట సెగ చూపించి బిగువు తెచ్చుకోవాలి. ఫోన్‌లో వినిపించేది సన్నపు పుల్ల దెబ్బే. లావు పుల్ల గుమ్మనే ధ్వని హెడ్‌ఫోన్లు ఉన్నవారికే దక్కుతుంది.

కాలువ ధ్వని

కాలువ గురించిన ఛానల్ కదా అని నీటి గలగలను పది సెకన్లూ కింద పరచాలని అందరికీ అనిపిస్తుంది. హెడ్‌ఫోన్లలో అది బాగుంటుంది. ఫోన్‌లో మాత్రం లోతైన భాగం పోయి, మిగిలిన సరసర మూకుడులో నూనె కాగుతున్నట్టే వినిపిస్తుంది. ఎడతెగని నీటి ధ్వనికి బదులు ఒకే ఒక్క "బుడుంగు"ను వాడండి. నీటిలో రాయి పడినప్పుడు ఆ ధ్వని చాలావరకు నీటిలో చిక్కుకున్న గాలి బుడగ నుంచి వస్తుంది. మూడు మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న బుడగ సుమారు వెయ్యి హెర్ట్జ్‌ల దగ్గర పలుకుతుంది, పెద్ద బుడగ ఇంకా లోతుగా పలుకుతుంది. కనుక చిన్న గులకరాళ్లే వేయాలి. పెద్ద రాయి శబ్దం ఫోన్‌కు అందదు. బాగా వచ్చిన ఒక ధ్వనిని ఎంచుకొని, సాఫ్ట్‌వేర్‌లో పిచ్ మార్చి పంచమానికి సరిచేసి, మొదటి బార్‌లోని మొదటి బీటు మీద పెట్టండి.

రికార్డింగుకు తెల్లవారుజామున వెళ్లండి. మధ్యాహ్నం సముద్రపు గాలి మైకులో గుబగుబలాడుతుంది. రొయ్యల చెరువుల దగ్గర గాలి చక్రాల మోటార్లు కూడా రోదపెడుతూ ఉంటాయి కనుక చెరువులు లేని గట్టును ఎంచుకోవాలి. మైకుకు బొచ్చు తొడుగు లేకపోతే పలుచని గుడ్డ చుట్టినా కొంత మేలు.

పరీక్షించడం

మిశ్రమం పూర్తయిన తరువాత ఫోన్ స్పీకరుకు దగ్గరగా ఉండే ఒక నకలు తీసుకొని వినండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్నవారికి ఈ రెండు ఆజ్ఞలు చాలు. మొదటిది లోతైన ధ్వనులను తగ్గించి ఎడమ, కుడి చానళ్లను ఒకటిగా కలుపుతుంది, రెండోది ధ్వని తీవ్రతను ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే కొలమానంలో కొలుస్తుంది.

```
ffmpeg -i theme.wav -af "highpass=f=350" -ac 1 phone.wav
ffmpeg -i theme.wav -af loudnorm=print_format=summary -f null -
```

మొదటి నకలులో చివరి స మరీ సన్నగా వినిపిస్తే వేణువు గొంతు పెంచండి. రెండు చానళ్లు కలిసినప్పుడు వేణువు దాదాపు మాయమైతే, స్టీరియో వెడల్పు కోసం పెట్టిన ఎఫెక్టే కారణం కావచ్చు. దాన్ని తీసివేసి మళ్లీ వినండి. రెండో ఆజ్ఞ చూపేవాటిలో Input Integrated అన్న సంఖ్య పాడ్‌కాస్ట్ అయితే −16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు, యూట్యూబ్ వీడియో అయితే −14కు దగ్గరగా ఉండాలి. శిఖరం −1 డెసిబెల్ దాటకూడదు. ఆ తరువాత మీ గొంతు పక్కన పెట్టి విని, థీమ్‌ను ఇంకొక రెండు డెసిబెల్లు తగ్గించండి. థీమ్‌కు శబ్దం తగ్గించుకున్నవారికి తరువాత మీ మాట వినపడదు.

అసలు పరీక్ష మనుషులతోనే. ఛానల్ పేరు చెప్పి, థీమ్‌ను ఇద్దరు ముగ్గురికి రెండుసార్లు వినిపించి, మరునాడు హమ్ చేయమనండి. లయ వచ్చి స్వరాలు రాకపోతే గెంతులు కష్టంగా ఉన్నాయని అర్థం; ఐదింటిని నాలుగుకు తగ్గించండి. స్వరాలు వచ్చి లయ తప్పితే, వాయించినవారు ద్విత్వపు కోతను గానీ "కా" దీర్ఘాన్ని గానీ సరిగా పట్టలేదు. ఇది ఫలానా పాటలా ఉన్నదని ఇద్దరు విడివిడిగా ఒకే పాట పేరు చెబితే సందేహించకుండా స్వరాలు మార్చండి.

ఫైళ్లు, ఒప్పంద పత్రం

48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లుగా రెండు తీసి ఉంచుకోండి: పూర్తి పది సెకన్లది ఒకటి, 7.5 దగ్గర కోసిన లోగో మాత్రమే ఒకటి. పొడవైన భాగాల మొదట్లో పది సెకన్లది, చిన్న నిలువు వీడియోల చివర రెండున్నర సెకన్లది వాడవచ్చు. రివర్బ్ ఒక సెకనుకు లోపే ఉంచితే చివరి స్వరం కోతకు దొరకకుండా చల్లారుతుంది. మాట 9.4 సెకన్ల ప్రాంతంలో, స్వరం ఇంకా పూర్తిగా ఆరకముందే మొదలైతే అతుకు కనబడదు.

మాండొలిన్, వేణువు, డప్పు వాయించినవారి దగ్గర, వారు స్నేహితులే అయినా, సంతకంతో కాగితం తీసుకోండి. భారత కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాగితంలో కాలపరిమితి రాయకపోతే అది ఐదేళ్లేననీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టంలోని 19వ సెక్షన్ భావిస్తుంది. ఇంటర్నెట్‌లో పెట్టే థీమ్ గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ వినబడుతుంది కనుక "ప్రపంచమంతటా" అనీ, ఎన్నేళ్లకో అంకెతోనూ స్పష్టంగా రాయించండి. ముందుముందు లోగోను ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకోవాలనుకుంటే, 2017 నిబంధనల ప్రకారం 30 సెకన్లు మించని ఎంపీ3 రికార్డింగును, దానితోపాటు స్వరలిపిని సమర్పించాలి. కనుక ప, మ, రి, ప, స అనే ఆ ఐదు స్వరాలనూ మాత్రలతో, శ్రుతితో సహా ఇప్పుడే కాగితం మీద రాసి, తేదీ వేసి, ఫైళ్లతోపాటు భద్రపరచండి.